పేరు ఒకటే, మనుషులు ఇద్దరు

సాలూరు మొదలుకొని హైదరాబాదు వరకు ‘షేక్’ అన్న ఇంటిపేరు రికార్డుల్లో Shaik, Sheik, Shaikh అని పలు రూపాల్లో కనిపిస్తుంది. ఒకే వ్యక్తి రెండుసార్లు నమోదైతే పట్టుకొనేందుకు కంప్యూటరు ఈ తేడాలను ఉపేక్షించక తప్పదు. ఆ సడలింపు మితిమీరితే ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కరైపోతారు. తెలంగాణ ‘సమగ్ర వేదిక’లో రిక్షా కార్మికుడొకరిని, పేరు పోలిన మరొకరి కారుకు యజమానిగా లెక్కించి, ఆ కుటుంబానికి రేషను నిరాకరించారు.

వేలమందికున్న ఇంటిపేరు కలవడం బలహీనమైన సాక్ష్యం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా కూడా కలవాలి. అప్పటికీ అది అనుమానమే, తీర్పు కాదు. తెలంగాణలో రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నోటీసు, ఇంటివద్ద విచారణ లేకుండా ఎక్కడా ఏ పేరూ తొలగించరాదని మేము కోరుతున్నాము.