పైవాళ్లు మార్చారంటే సరిపోదు

"నేనైతే మీకు 5 వేశానండీ, పైవాళ్లు 4 చేశారు." బ్రాంచి మేనేజరు ఇలా అన్నాడంటే, కారణం ఆయనకూ తెలియదని ఉద్యోగికి అర్థమైపోతుంది. ఇందులో నేను మేనేజరును తప్పుపట్టను. రేటింగులు సరిచూసే కాలిబ్రేషన్ మీటింగు ముగిశాక చాలాచోట్ల ఆయన చేతికొచ్చేది పేర్లూ అంకెలూ ఉన్న ఎక్సెల్ షీటు ఒక్కటే.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో బ్రాంచీలున్న ఒక ఫైనాన్స్ కంపెనీ ఉందనుకుందాం. రేపల్లె ఫీల్డ్ ఆఫీసరు వాయిదాల వసూళ్లు 96 శాతం. బాపట్ల ఆఫీసరువి 93. చివరికి 5 బాపట్లకు వెళ్లింది, రేపల్లెకు 4 మిగిలింది. షీటు మాత్రమే చూస్తే అన్యాయమే. మీటింగులో జరిగింది వేరు. రేపల్లెలో ఏడాది మొదట్లోనే వసూళ్లు 95 శాతం ఉన్నాయి. బాపట్ల ఆఫీసరు చేతికి వచ్చినప్పుడు అక్కడి వసూళ్లు 84 దగ్గర ఉన్నాయి. ఎక్కడికి చేరారన్నదే కాదు, ఎక్కడ మొదలుపెట్టారో కూడా చూశారు.

ఈ కారణం రేపల్లె మేనేజరుకు రాతపూర్వకంగా, టీముతో మాట్లాడటానికి రెండు మూడు రోజుల ముందే అందాలి. తను ఎంత ప్రతిపాదించాడు, చివరికి ఎంతైంది, ఏ కొలతతో మార్చారు, ఏ ఆధారం చూశారు అన్నవి అందులో ఉంటే చాలు. బాపట్ల ఆఫీసరు పేరు, రేటింగు మాత్రం బయటపెట్టకూడదు. "మొదటికీ చివరికీ తేడా చూశారు. మీది 95 నుంచి 96" అంటే ఆ ఆఫీసరు తన అంకెతోనే సంగతి తెలుసుకుంటాడు.

కోటా వల్లే కోత పడితే అదే చెప్పాలి. నూటికి ఇరవై మందికి మించి 5 ఇవ్వరాదన్న నియమం ఉన్నప్పుడు, "మీలో చొరవ తగ్గింది" అని లేని లోపం అంటగట్టడం దారుణం. ఆ మనిషి ఏడాదంతా ఆ లోపాన్నే వెతుక్కుంటాడు.

ప్రభుత్వోద్యోగులకు తమ గ్రేడు తెలుసుకునే హక్కు కోర్టు ద్వారా వచ్చింది. బోర్డర్ రోడ్స్ ఇంజనీరు దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు, వార్షిక రహస్య నివేదికలోని ప్రతి గ్రేడూ ఉద్యోగికి తెలపాలంది. ఆయన రికార్డులో 'గుడ్' అని రాశారు, ప్రమోషనుకేమో 'వెరీ గుడ్' కావాలి. మెచ్చుకోలులా కనిపించే ఆ మాటే ఆయనకు అడ్డుపడింది, ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్లు లేరు. 2009లో కేంద్రం నివేదిక మొత్తం చూపించాలనీ, అభ్యంతరానికి 15 రోజులు ఇవ్వాలనీ ఉత్తర్వు ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలను ఆ తీర్పు కట్టడి చేయదు గానీ, ఆ పద్ధతి పెట్టుకోవద్దన్నవాళ్లూ లేరు.

రేపల్లె ఆఫీసరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "తేడా చూస్తామని ఏప్రిల్‌లోనే నాకెందుకు చెప్పలేదు?" దీనికి మేనేజరు దగ్గర జవాబు ఉండదు, ఉన్నట్టు నటించకూడదు కూడా. ఆ అభ్యంతరాన్ని రాసుకుని కాలిబ్రేషన్ కమిటీకే తిరిగి పంపాలి. జవాబు ఏ తేదీలోగా వస్తుందో ఆ ఆఫీసరుకు అక్కడే చెప్పాలి.