నాలుగుతో గుణించే పాఠం

టెక్సస్ హోల్డెమ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్లకు తొలిరోజుల్లోనే ఒక లెక్క అప్పజెప్తారు. ఫ్లాప్ పడ్డాక నీ చేతిని గెలిపించే ముక్కలు పేకలో ఎన్ని మిగిలాయో చూడు, ఆ సంఖ్యను నాలుగుతో గుణించు, వచ్చినదే నీ గెలుపు శాతం అంటారు. కాల్ చేయడానికి కావలసిన శాతం కంటే అది ఎక్కువైతే కళ్లు మూసుకుని కాల్ చేయమంటారు. ఫ్లష్‌కి నాలుగు ముక్కలు కలిసినవాడు ఫ్లాప్ దగ్గర చేయి వదలకూడదన్న నమ్మకం ఇక్కడే పుట్టింది. గుణకారంలో తప్పు లేదు. ఆ జవాబును తీసుకెళ్లి పెట్టే చోటే తప్పు. కొత్తవాళ్ల చిప్‌లు కొంచెం కొంచెంగా కరిగిపోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

ఒక చేయి తీసుకుందాం. మీ దగ్గర ఆటీను ఎనిమిది, ఆటీను ఏడు ఉన్నాయి. ఫ్లాప్‌లో ఆటీను రాజు, ఆటీను నాలుగు, కళావరు రెండు పడ్డాయి. పాట్‌లో 100 చిప్‌లున్నాయి. ఎదుటి ఆటగాడు 50 పెట్టాడు. ఇప్పుడు మీరు 50 ఇచ్చి కొనసాగాలా, ఫోల్డ్ చేయాలా?

ముందు పాట్ ఆడ్స్ చూద్దాం. మీరు 50 వేస్తే పాట్ మొత్తం 200 అవుతుంది. అందులో మీరిప్పుడు వేసేది 50, అంటే నాలుగో వంతు. కాబట్టి 25 శాతానికి మించి గెలిచే అవకాశం ఉంటేనే ఈ కాల్ తనంతట తాను గిట్టుబాటవుతుంది. ఆన్‌లైన్ టేబుల్ మీద ఇక్కడ ఒక విషయం గమనించాలి. కొన్ని టేబుళ్లలో తెర మధ్యన `Pot` పక్కన కనిపించే అంకెలో ఎదుటివాడి 50 అప్పటికే కలిసి ఉంటుంది. కొన్నింటిలో ఆ రౌండు ముగిసేదాకా కలవదు. 150 అని కనిపిస్తుంటే దానికి మళ్లీ 50 కలిపి పాట్ 200 ఉందనుకునేవాళ్లున్నారు. అప్పుడు కావలసినది 20 శాతమే అన్న తప్పుడు జవాబు వస్తుంది.

ఇక ఈక్విటీ. పందేలు ఇక్కడితో ఆగిపోయి మిగతా ముక్కలన్నీ పరిచేస్తే పాట్‌లో సగటున మీ వాటా ఎంత, అన్నదే ఈక్విటీ. పేకలో ఆటీన్లు పదమూడు. నాలుగు మీకు కనిపిస్తున్నాయి, తొమ్మిది మిగిలాయి. తొమ్మిది నాలుగుల ముప్ఫై ఆరు. పక్కాగా లెక్క కడితే టర్న్, రివర్ రెండూ చూశాక ఫ్లష్ పడే అవకాశం 35 శాతం. 25 కావాలి, 35 ఉంది, కాబట్టి కాల్ చేసేయాలి అంటుంది పాఠం.

కానీ మీరిచ్చే 50 రెండు ముక్కలకు ధర కాదు, టర్న్ ఒక్కదానికే. రివర్ చూడాలంటే ఎదుటివాడు మళ్లీ ఎంత పెడితే అంత కట్టాలి. హైదరాబాదు నుంచి సూర్యాపేట దాకా టికెట్ కొని, ఆ ధరకు విజయవాడ చేరినట్టు లెక్క వేసుకోవడం ఇది. సూర్యాపేటలో కండక్టరు మళ్లీ అడుగుతాడు, ఈసారి రెట్టింపు అడుగుతాడు.

టర్న్ ఒక్కదానిలో ఆటీను పడే అవకాశం 47 ముక్కల్లో తొమ్మిది, అంటే 19 శాతం. కావలసింది 25. ఆటీను పడిన వెంటనే ఎదుటివాడు చేతులెత్తేస్తాడని, పడకపోతే మీరు వదిలేస్తారని అనుకుంటే, ఇలాంటి ఒక్కో కాల్‌కు సగటున దాదాపు 12 చిప్‌లు పోతాయి. పడకపోయినా వదలని వాళ్ల గతి ఇంకా అన్యాయం. టర్న్‌లో ఎదుటివాడు మళ్లీ సగం పాట్, అంటే 100 పెడతాడు. మళ్లీ 25 శాతమే కావాలి, ఉన్నది 46లో తొమ్మిది, ఇరవైకి కాస్త తక్కువ. ఇక్కడ రివర్ తర్వాత ఇంకేమీ రాదనుకుంటే పోయేది సగటున 22 చిప్‌లు. పాట్ పెరిగింది గనక పోగొట్టుకునేదీ పెరిగింది.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే జవాబు నాకు తెలుసు. ఫ్లష్ పడ్డాక ఎదుటివాడి దగ్గర ఇంకా గుంజుకోవచ్చు కదా, ఆ రాబడిని ఎందుకు కలపవు అంటారు. కలపాల్సిందే, కాకపోతే అంకె వేసి కలపాలి. పై చేతిలో కాల్ గిట్టుబాటు కావాలంటే, టర్న్‌లో ఆటీను పడిన ప్రతిసారీ సగటున ఇంకో 61 చిప్‌లు మీ చేతికి రావాలి. అతని ముందు 30 చిప్‌లే మిగిలి ఉంటే ఆ మాటే లేదు. వెయ్యి ఉన్నా, బల్ల మీద మూడో ఆటీను పడగానే ఫ్లష్ భయం చంటిపిల్లాడికైనా కనిపిస్తుంది. ఎదుటి చేతిలో దాగి కలిసే సీక్వెన్సు కంటే దీన్ని పసిగట్టడం చాలా తేలిక. పైగా మీది ఎనిమిది పెద్దగా ఉన్న ఫ్లష్. అంతకంటే పెద్ద ఆటీన్లు పట్టుకున్నవాడు మాత్రం మీకు సంతోషంగా కాల్ చేస్తాడు. అప్పుడు ఆ అదనపు రాబడి మీ జేబులోంచే పోతుంది.

రెండో జవాబుకు కొంచెం బలముంది. ఎదుటివాడు టర్న్‌లో పందెం వేయకుండా చెక్ చేస్తే రివర్ ఉచితంగా వస్తుంది, నిజమే. లెక్క వేస్తే, మీకు ఆటీను పడని టర్న్‌లలో పదింట నాలుగుసార్లైనా అతను చెక్ చేసే మనిషైతే, మీరు చివర్న పందెం వేసే స్థానంలో ఉంటే, ఈ కాల్ నష్టం లేకుండా బయటపడుతుంది. అది ఆ మనిషిని చూసి తెలుసుకునే సంగతి. నాలుగుతో గుణిస్తే తెలిసేది కాదు.

తొమ్మిది ముక్కలూ మనవేనన్నది కూడా పైపై లెక్క. ఎదుటివాడి చేతిలో ఆసు, రాజు ఉంటే ఫరవాలేదు, మీ వాటా 35 చుట్టూనే ఉంటుంది. కానీ అతని చేతిలో రెండు నాలుగులుంటే? అప్పుడు ఆటీను రెండు మీకు ఫ్లష్ ఇచ్చి అతనికి ఫుల్ హౌస్ ఇస్తుంది. టర్న్‌లో మరో ఆటీనుతో మీకు ఫ్లష్ కలిసినా, రివర్‌లో అతన్ని గట్టెక్కించే ముక్కలు పది ఉంటాయి. ఈక్విటీ పాతిక దగ్గరికి పడిపోతుంది. కాబట్టి 35 శాతం అన్నది పైహద్దు అనుకోవడం మేలు.

మరి నాలుగుతో ఎప్పుడు గుణించాలి? ఒకే ఒక్కప్పుడు: ఎదుటివాడి 50 ఆల్-ఇన్ అయినప్పుడు. ఆ తర్వాత కట్టాల్సింది ఏమీ లేదు, ముక్కలు రెండూ ఆ ధరకే వస్తాయి. ఎదుటిది ఒక జతే అయితే అదే చేయి, అదే ఫ్లాప్, అదే 50, ఇప్పుడు సగటున 20 చిప్‌ల లాభం. చిప్‌లు ఇంకా వెనక మిగిలి ఉంటే రెండుతోనే గుణించాలి. తొమ్మిది రెళ్లు పద్దెనిమిది. పాట్‌లో నాలుగో వంతు పందెం వేస్తే కావలసింది 17 శాతం లోపే, నిశ్చింతగా కాల్ చేయవచ్చు. మూడో వంతు వేస్తే 20 కావాలి, ముందు ముందు వచ్చే కొద్దిపాటి రాబడి ఆ లోటు పూడుస్తుంది. సగం వేస్తే పైన చెప్పిన 61 చిప్‌లు ఎక్కడి నుంచి వస్తాయో చూపించగలగాలి. పూర్తి పాట్ వేస్తే 33 కావాలి, చాలా సందర్భాల్లో ఫోల్డే సరైన జవాబు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 కేంద్ర చట్టంతో దేశమంతటా అదే నిబంధన వచ్చింది. కాబట్టి ఇక్కడ ఈ పాఠం తప్పు నేర్చుకున్నా పోయేవి ఉత్తుత్తి చిప్‌లే. కానీ 2013 నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమైన న్యూజెర్సీలో స్థిరపడిన మనవాళ్లు ఆడేది డాలర్లతో. వాళ్లకు ఫ్లాప్ దగ్గర ముప్ఫై ఆరు అని నేర్పేవాళ్లు, టర్న్‌లో కట్టాల్సిన రెండో పందెం సంగతి కూడా ఆ వాక్యంలోనే చెప్పాలి.