రాలేనని చెప్పే తీరు

ఒక మస్జిదు కమిటీ వాట్సాప్ గ్రూపులో కార్యదర్శి ఇలా వ్రాశారు: “ఆదివారం ఇషా తర్వాత సమావేశం. పైకప్పు మరమ్మతు విషయం తేల్చాలి.” కోశాధికారి బదులు ఒకే ముక్క: “నాకు కుదరదు.” ఆ వెంటనే మరి ఇద్దరు, “నాకూ కుదరదు.” ఆదివారం నలుగురు కూర్చున్నారు. లెక్క తెలియక లేచిపోయారు.

రాలేననడం తప్పు కాదు. గుమ్మంలో నిలిచినవారిని ‘తిరిగి వెళ్ళండి’ అంటే వెళ్ళిపోవాలని దివ్యఖుర్‌ఆన్ (24:28) బోధిస్తున్నది. కాదనే హక్కు మనకున్నది. అయితే ఆ ‘కుదరదు’ ఆ రోజుకా, ఆ పనికా, ఆ మనుషులతోనా అన్నది కార్యదర్శికి తెలియలేదు. ఆయనకు కావలసినవి రెండు: సొమ్ము ఎంత ఉన్నది, ఈయన లేకుండా నిర్ణయించవచ్చునా? అదే జవాబును మేమైతే ఇలా తిరగవ్రాస్తాము:

“అస్సలాము అలైకుమ్ భాయ్. ఆదివారం అమ్మీని చూడడానికి గుంటూరు వెళ్తున్నాను, రాత్రికి తిరిగి రాలేను. మంగళవారం ఇషా తర్వాత ఇన్షా అల్లాహ్ తప్పక ఉంటాను. అందరికీ ఆదివారమే అనుకూలమైతే నా కోసం ఆపవద్దు. శనివారం అస్ర్ లోగా లెక్క వ్రాసి పంపుతాను. ఖర్చు చేతిలో ఉన్న సొమ్మును మించితే మాత్రం నాకొక ఫోను చేయండి.”

కారణం ఒక్క వాక్యమే. నాలుగు వాక్యాలైతే సాకులా వినిపిస్తుంది. చెప్పుకోలేని కారణమైతే ‘ఆ రోజు వీలు కాదు’ అంటే చాలు. ఊళ్ళో లేనని వ్రాసి మరునాడు ఫజ్ర్ జమాఅతులో కనబడితే ఆ మాటేమవుతుంది? ‘మరోసారి చూద్దాం’ అన్నది ప్రత్యామ్నాయం కాదు. రోజు, వేళ చెప్పాలి. ‘ఇన్షా అల్లాహ్’ను ‘రాను’ అనడానికి మర్యాద పేరుగా వాడే అలవాటు మన ఇళ్ళలోనే ఉన్నది, పిల్లలు కూడా కనిపెట్టేశారు.

ఇక శనివారం పంపవలసిన లెక్క: “పైకప్పు నిధికి వచ్చినది రూ. 1,84,000. మేస్త్రీకి ఇచ్చిన బయానా 40,000. చేతిలో 1,44,000. ఇస్తామన్నవారు మరి ముగ్గురున్నారు, ఆ సొమ్ము ఇంకా అందలేదు కనుక కలపలేదు. వానలకు ముందు మిహ్రాబు వైపు చేయించి, మిగిలినది తర్వాత చూడడం మేలని నా అభిప్రాయం.” ఉన్నది, రావలసినది, తన సలహా వేర్వేరుగా ఉన్నాయి కనుక చదివినవారు ఆ రాత్రే తేల్చగలరు. సమావేశం ముగిశాక అందితే ఈ కాగితం కేవలం దస్త్రమే.

అన్నిటికీ ఇది పనికిరాదు. ఇద్దరి మధ్య తగవు తీర్చే కూర్పుకు పిలిస్తే కాగితం పంపరాదు, ఎదుటివారు దానిని తీర్పుగా చదువుతారు. అప్పుడు మరో రోజు మాత్రమే అడగాలి, అదీ గ్రూపులో కాక పిలిచినవారికి విడిగా: “ఇద్దరి మాటా వినకుండా నేనేమీ వ్రాయలేను. గురువారం మగ్రిబ్ తర్వాత మీ ఇంటికే వస్తాను, సరేనా?”