దండ ఉంది, పేరేదీ?

తిరుమల శ్రీవారి ఆలయంలో మహాద్వారం దాటి లోపలికి అడుగుపెట్టగానే ప్రతిమా మండపం ఎదురవుతుంది. శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచిన లోహవిగ్రహాలు అక్కడున్నాయి. ఐదు వందల ఏళ్ళ తరువాత కూడా ఆ మూర్తులెవరివన్న సందేహం ఎవరికీ కలగదు. శిల్పి విగ్రహాల మీదనే వారి పేర్లు చెక్కి ఉంచాడు. చక్రవర్తిని లోకమంతా ఎరుగుదురు కదా, పేరెందుకని ఆనాడు ఎవరూ అనుకోలేదు.

అదే ఆలయంలో రాజా తోడరమల్లు, ఆయన తల్లి, ఆయన భార్య నిలిచిన విగ్రహాలు కూడా ఉన్నాయి. ఆయనకు పేరుంది. కానీ ఆ పేరు వినగానే చాలామందికి అక్బరు కొలువులోని ఆర్థికమంత్రి తోడర్‌మల్ స్ఫురిస్తాడు. ఆ మంత్రి 1589లో మరణించాడు. తిరుమలలో చేతులు జోడించి నిలిచినది వేరొకరని, కర్ణాటక నవాబు సాదతుల్లాఖాను కాలంలో, అంటే 18వ శతాబ్ది తొలి దశాబ్దాలలో, ఈ ప్రాంతంలో అధికారం నెరపిన లాలా ఖేమరాము అనే తోడరమల్లు అని పరిశోధకులు వివరిస్తూ వచ్చారు. అయినా పాత పొరపాటు పూర్తిగా పోలేదు. పేరు నిలిచింది గాని దానితో కాలం నిలవలేదు. అందుచేత ఒకరి భక్తి మరొకరి ఖాతాలో పడింది.

రాజులకే ఈ గతి పట్టినప్పుడు మన ఇళ్ళలోని పటాల సంగతి వేరే చెప్పాలా? దుబాయిలోనో, షార్జాలోనో, అబుధాబిలోనో మన తెలుగువారి ఇంట దక్షిణపు గోడ చూడండి. గంధపు దండ వేసిన పటం ఉంటుంది, అద్దం మీద కుంకుమబొట్టు ఉంటుంది, పండుగనాడు దీపమూ ఉంటుంది. ఉండనిదల్లా పేరు. స్వస్థలంలోని పాత ఇంటి వసారాలో అటువంటివి ఐదారు వరుసగా వేలాడుతుంటాయి. వేసవి సెలవులకు వెళ్ళిన పిల్లవాడు ఎవరిదీ పటమని అడిగితే "పెద్దతాతగారు" అన్న జవాబు వస్తుంది. ఆ మాట చెప్పేవారికి అది సరైన జవాబే. వినే పిల్లవాడికి ఆ వరుస వర్తించదు. అతడికి ఆయన ముత్తాత కావచ్చు, ముత్తాత అన్నగారు కావచ్చు. వరుస చెప్పే మనిషిని బట్టి మారిపోతుంది. మారనిది పేరొక్కటే.

పెద్దల పటానికి పేరు అతికించడం మర్యాద కాదని, వారేమైనా దుకాణంలో సరుకా అని ఆక్షేపించేవారున్నారు. ఆ గౌరవభావాన్ని నేను తక్కువ చేయను. మన ఆడవారు భర్త పేరును పెదవి దాటనివ్వని కాలం మొన్నమొన్నటిదే. కాని మన సంప్రదాయమే ఈ ఆక్షేపణకు సమాధానం చెప్పింది. ఆబ్దికంనాడు తండ్రిని, తాతను, ముత్తాతను గోత్రంతో, పేరుతో, వరుసతో చెప్పి పిలవాలి. తల్లి, నాయనమ్మ, ముత్తమ్మల విషయంలోనూ అంతే. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పమన్నారు. పేర్లు తెలియనప్పుడు వాడుకోవడానికి పృథివీషత్, అంతరిక్షసత్, దివిషత్ అన్న సామాన్యనామాలను కూడా ఏర్పరచారు. భూమిపై ఉన్నవాడు, అంతరిక్షంలో ఉన్నవాడు, దివిలో ఉన్నవాడు అని వాటి అర్థం. పేరు మరచిపోయే సంతానం పుడుతుందని ఎరిగి చేసిన ఏర్పాటది. గత్యంతరం లేనివాడికిచ్చిన ఆ వెసులుబాటును, అడిగి చెప్పించుకోగల పెద్దలు ఇంట ఉండగానే మనం వాడుకోవడమేమిటి?

మరణించిన తేదీ ఇంటి గోడమీద కనబడడం అశుభమని మరికొందరు అంటారు. పటానికి దండ వేసిన క్షణాననే ఆ విషయం అందరికీ చెప్పేశాము. దండ చెప్పినదాన్ని అంకెలు కొత్తగా అశుభం చేయవు. కళ్ళెదుట ఆ తేదీ వద్దనుకునేవారు దాన్ని పటం వెనుక రాయవచ్చు. రాయకుండా మాత్రం వదలకూడదు.

అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగినది స్త్రీలకు. తాతగారి పేరు దస్తావేజుల మీదనో, బడి రిజిస్టరులోనో, ఊరి శిలాఫలకం మీదనో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆయన పక్కన కూర్చున్న ఇల్లాలి పేరు చాలాసార్లు ఎక్కడా ఉండదు. బతికినన్నాళ్ళూ ఆమె ఒకరికి కోడలు, ఒకరికి వదిన, ఒకరికి మామ్మ. పెళ్ళితో ఇంటిపేరు మారింది. రెండుమూడు తరాలు గడిచేసరికి పుట్టింటి ఇంటిపేరు, దానితోపాటు ఒక వంశానికి వంశమే మన జ్ఞాపకంలోంచి జారిపోయింది. కనుక స్త్రీ పటం కింద ఆమె పేరు, మెట్టినింటి ఇంటిపేరు, పుట్టినింటి ఇంటిపేరు మూడూ ఉండాలి. ఇంటిపేరును ఒక పొడి అక్షరానికి కుదించి రాయడం పురుషుల విషయంలోనూ తగదు. మనవడికి తాత పేరు పెట్టే ఆచారం మనది. అదే ఇంటిపేరుతో, అదే పేరుతో రెండు తరాలకొకసారి ఒకరు వస్తూనే ఉంటారు. పొడి అక్షరమూ పేరూ మాత్రమే రాసి ఊరుకుంటే ఇంటింటా ఒక తోడరమల్లు తయారవుతాడు.

ఇక తేదీల సంగతి. మన పెద్దలు తిథిని జ్ఞాపకం పెట్టుకున్నారు, ఇంగ్లీషు తేదీని పెట్టుకోలేదు. ఒక ఇంట నాయనమ్మ పటం గురించి మిగిలిన సమాచారమంతా "ప్లవ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి" అన్న ఒక్క మాటే అనుకుందాము. ఏటేటా తద్దినం పెట్టడానికి ఇది చాలు. ఆమె ఏ కాలపు మనిషో తెలియడానికి చాలదు. సంవత్సర నామాలు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. ప్లవ 1901లో వచ్చింది, 1961లో వచ్చింది, 2021లో మళ్ళీ వచ్చింది. ఆమె చివరి కుమారుడు 1932లో పుట్టినట్లు బడి ధ్రువపత్రంలో ఉంటే 1901 పోయింది. 2021 నాటికి ఆమె లేరని ఇంట్లో అందరూ ఎరుగుదురు కనుక అదీ పోయింది. మిగిలినది 1961. ఆ యేడు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి శ్రావణం కొంత ఆలస్యమై శుద్ధ పంచమి ఆగస్టు నడుమకు చేరింది. ఏ రోజో తేల్చడానికి ఆనాటి పంచాంగం చూస్తే చాలు. ఇంతకూ ఈ లెక్క తేలినది కుమారుడి పుట్టిన సంవత్సరం ఎవరో దాచి ఉంచడం వల్ల. ఆ కాగితం కూడా లేకపోతే పంచాంగం ఒక్కటే ఏమీ చెప్పలేదు.

తాళ్ళపాకవారు ఈ మెలకువ ఎరుగుదురు. అన్నమాచార్యుల కీర్తనల తొలి రాగిరేకు మీద ఆయన పరమపదించిన రోజును దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి అని చెక్కించి, పక్కనే శకవర్షం 1424 అని అంకె కూడా వేయించారు. తిథి ఉన్నందున నేటికీ ఆ ద్వాదశినాడు వర్ధంతి జరుగుతున్నది. అంకె ఉన్నందున అది 1503వ సంవత్సరమని సందేహం లేకుండా తెలుస్తున్నది. రెండింటిలో ఏది లేకపోయినా మనకు సగమే దక్కేది. మన పటాలకు కావలసినదీ ఆ జంటే: తెలుగు సంవత్సరం, మాసం, పక్షం, తిథి ఒక వరుసలో, ఇంగ్లీషు తేదీ మరొక వరుసలో.

ఎమిరేట్స్‌లో కన్నుమూసినవారి విషయంలో ఊరిపేరు, వేళ కూడా చేర్చాలి. ఇక్కడి గడియారం భారతదేశపు గడియారం కన్న గంటన్నర వెనుక. తిథి మన అర్ధరాత్రితో మారదు, ఏ వేళనైనా మారుతుంది. ఇక్కడ రాత్రి పదకొండు గంటలకు పోయినవారికి అక్కడ తారీఖు మారిపోయి ఉంటుంది. కబురందిన వేళను పట్టుకుని అక్కడివారొక తిథి, ఇక్కడివారొక తిథి అనుకునే ప్రమాదముంది. వేళ రాసి ఉంటే పురోహితుడు లెక్క చూసి తేల్చగలడు.

మరొక వరుస కూడా అవసరం: ఆ ఛాయాచిత్రం ఎప్పటిదో. డెబ్బై ఏళ్ళు బతికిన మనిషికి పాస్‌పోర్టు కోసం ముప్పైయవ యేట తీయించుకున్న ఫోటోయే పటమైన ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. విడివిడి ఫోటోలను స్టూడియోవారు అతికి, భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నట్లు చేసినవీ ఉన్నాయి. ఒకరి ముఖం మీద వెలుగు కుడినుంచి, మరొకరి మీద ఎడమనుంచి పడితే, భుజాల కలయిక దగ్గర గీత కనిపిస్తే అది అతికిన పటమే. ఆ సంగతి రాసి ఉంచకపోతే, వృద్ధుడి పక్కన పాతికేళ్ళ ఇల్లాలిని చూసిన ముని మనవలు ఆమెను కూతురనుకుంటారు.

ఎక్కడ రాయాలి? పటం కింది అంచున మాత్రమే రాస్తే దండ దాన్ని కప్పేస్తుంది. ముందువైపు పేరు, జనన మరణ సంవత్సరాలు చిన్న పట్టీగా చాలు, దండ వంపుకు కిందుగా, గోడమీదనైనా సరే. పూర్తి వివరం వేరొక మంచి కాగితం మీద రాసి, ఫోటోకు తగలకుండా వెనుక అట్టకు బయటివైపున కవరులో ఉంచాలి. ఫోటో వెనుక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ఆ గీతలు ముందువైపు ముఖం మీద తేలుతాయి. టేపుతో అతికిస్తే కొన్నేళ్ళకు పసుపెక్కి రాలిపోతుంది. ఫ్రేము మార్పించినప్పుడు దుకాణంవారు పాత అట్టను పారేస్తారు, ముందే చెప్పి వెనక్కు తీసుకోవాలి. తేమకు ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే ఊడదీయవద్దు, అద్దంతోపాటే నకలు తీయించాలి. తెలుగు చదవలేని మన పిల్లల కోసం అదే వివరం ఇంగ్లీషు అక్షరాలలోనూ ఉండాలి.

ఇవన్నీ ఫోన్లో ఉన్నాయి కదా అనేవారికి ఒక్క ప్రశ్న. ఆ బొమ్మ కింద పేరుందా? లేకపోతే అది గోడమీది పటం కన్న ఏ విధంగా మేలు? పటం వెనుక రాసిన కాగితాన్ని కూడా ఫోటో తీసి రెండూ కలిపి దాచినప్పుడే అది దాచినట్లు.

పటాలన్నింటినీ గుర్తుపట్టగలవారు ప్రతి ఇంటా ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. వారు సాధారణంగా ఆ ఇంటి పెద్ద వయసు స్త్రీలు. ఈ సెలవులకు స్వస్థలం వెళ్ళినప్పుడు వారిని గోడ ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్క పటం దించి, చెప్పినది చెప్పినట్లు రాసుకోండి. రూఢిగా తెలిసినది సిరాతోను, అనుమానమున్నది ప్రశ్నార్థకంతోను రాయండి, చెప్పినవారి పేరు కూడా కింద వేయండి. దండలు ఆ తరువాత వేయవచ్చు.