రాత్రి పెగ్గు... పొద్దున షుగర్ లెక్క

‘నిన్న రాత్రి మందు పుచ్చుకున్నా, పొద్దున పరగడుపు షుగర్ 78 వచ్చింది డాక్టర్ గారూ. నాకు మందు పడుతోందన్నమాట!’ ఓపీలో ఈ మాట తరచూ వింటుంటాం. గ్లూకోమీటర్ చూపిన అంకె అబద్ధం కాకపోవచ్చు. దాని అర్థం మాత్రం వేరు. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్న వారి ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలిసి ఉండాలి.

మనం నిద్రపోతున్నప్పుడు తిండి లేకపోయినా మెదడుకు చక్కెర అందుతూనే ఉండాలి. ఆ పని కాలేయానిది. తనలో దాచుకున్న నిల్వలోంచి కొంత వదులుతుంది, కొంత అప్పటికప్పుడు కొత్తగా తయారు చేస్తుంది. ఆల్కహాల్ లోపలికి వెళ్లగానే దాన్ని విరగ్గొట్టడమే కాలేయానికి మొదటి పని అవుతుంది. ఆ రసాయన మార్పుల వల్ల కొత్త చక్కెర తయారీ బాగా తగ్గిపోతుంది. ఇక నిల్వే దిక్కు. రాత్రి భోజనం మానేసిన వారిలో ఆ నిల్వ కూడా తక్కువే. అందుకే చక్కెర పడిపోవడం తాగిన వెంటనే కాకుండా గంటల తర్వాత కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గవర్నర్‌పేటలో దుకాణం నడిపే 52 ఏళ్ల వ్యక్తి అనుకోండి. ఉదయం, రాత్రి మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. శనివారం షాపు కట్టేసి, 9 గంటలకు స్నేహితులతో కూర్చుని 11 లోపు ఒక క్వార్టర్ విస్కీ ముగించారు. స్టఫ్‌గా నాలుగు చికెన్ ముక్కలు తిన్నారు. ఇంటికొచ్చి ‘ఆకలి లేదు’ అని భోజనం మానేశారు, రాత్రి మాత్ర మాత్రం మరవకుండా వేసుకున్నారు.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. అంటే తెల్లవారుజామున 3 నుంచి 6 గంటల దాకా దానికి ఇదే పని. మరోవైపు గ్లిమిపిరైడ్, తిన్నారా లేదా అని చూడకుండా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. చికెన్ ముక్కల్లో పిండి పదార్థం ఉండదు కాబట్టి ఆ స్టఫ్ ఆదుకోదు. 4 గంటలకు ఆయనకు చెమటలు పట్టాయి, మాట తడబడింది. ఇంట్లో వాళ్లు ‘ఇంకా దిగలేదు’ అనుకుని దుప్పటి కప్పారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మత్తు, షుగర్ పడిపోవడం చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా తేల్చేది వేలి చుక్క ఒక్కటే.

ఉదయం 7కి 72 వచ్చిందనుకోండి, గండం గడిచిందనుకోవద్దు. టైప్-1 మధుమేహం ఉన్న ఆరుగురు పురుషులకు రాత్రి 9కి వైన్ ఇచ్చి చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. అందులో ఐదుగురికి మర్నాడు టిఫిన్ తిన్న తర్వాత, మధ్యాహ్నంలోపు షుగర్ పడిపోయింది. కాబట్టి ఆ పూట టిఫిన్ మానేసి బండి తీయడం ప్రమాదకరం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అదే రాత్రి బీరు, దాని మీద అర్ధరాత్రి బిర్యానీ అయితే పొద్దున 210 రావచ్చు. డాక్టరుకు ఆ సంగతి చెప్పకపోతే మాత్ర డోసు పెరుగుతుంది. తర్వాత మందు ముట్టని రోజుల్లో ఆ డోసే ఎక్కువై షుగర్ పడిపోతుంది. తక్కువ వచ్చినా, ఎక్కువ వచ్చినా, తాగిన మర్నాటి అంకెను చూసి డోసు మార్చకూడదు. ల్యాబ్‌లో ఫాస్టింగ్ పరీక్ష ఉంటే కనీసం ముందురోజు మానేయండి. తాగి ఉంటే చీటీ మీద ఆ మాట రాయించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్క రాత్రితో పెద్దగా మారదు కాబట్టి దాన్ని పక్కన పెట్టుకుని చూడటం మేలు.

మధుమేహులకు మద్యం వద్దనే నా సలహా. అయినా తాగిన రోజున అన్నమో చపాతీయో తప్పక తినాలి. పడుకునే ముందు షుగర్ చూసుకోవాలి. వంద లోపు ఉంటే ఇంకాస్త తినాలి. రాత్రి మాత్ర లేదా ఇన్సులిన్ సంగతి ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి. ఇంట్లో ఒకరికి విషయం చెప్పి పడుకోవాలి.

ఇంటివారికి ఒక మాట. తాగి పడుకున్న మనిషికి చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే షుగర్ చూడండి. 70 లోపు ఉండి, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. కోలుకున్నాక అన్నం పెట్టండి, గంట గంటకూ గమనించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. అలాంటి వారికి వాడే గ్లూకగాన్ ఇంజెక్షన్ కాలేయం నిల్వ మీద ఆధారపడుతుంది. తాగిన రాత్రి ఆ నిల్వ అడుగంటి ఉంటే అది సరిగా పనిచేయదు, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించాల్సిందే. అందుకే ఆసుపత్రికి చేరగానే ‘రాత్రి తాగారు, షుగర్ మాత్రలు వాడతారు’ అని రెండు మాటలూ కలిపి చెప్పండి.