తాత పేరు, మనవడి బొమ్మ

ఈ సంచిక పాత కొట్ల కొత్త బోర్డుల గురించి. మచిలీపట్నంలో ఒక లడ్డు కొట్టు ఉందనుకోండి. తాత పెట్టిన పేరు, ఎర్ర అట్టపెట్టె, దాని మీద చేత్తో గీసిన బొమ్మ. చదువుకుని వచ్చిన మనవడు అన్నీ మార్చేద్దామంటాడు.

ముందు పెట్టె మీది పేరుకు కాగితం అంటించి, గుడివాడ, అవనిగడ్డల నుంచి వచ్చే పాత ఖాతాదార్లకు చూపించాలి. ఎరుపు చూసి గుర్తుపడితే ఎరుపు జోలికి పోకూడదు. ఫోన్‌లో గోరంత సైజులో బొమ్మ అలుక్కుపోతోందా? గీతలు తగ్గిస్తే చాలు.

పేరు సంగతి వేరు. బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఆ మాట ఏ ఒక్క కొట్టు సొంతమూ కాదు. సొంతమని చెప్పుకోగలిగింది తాత పేరొక్కటే. దాన్ని వదిలేస్తే పక్క కొట్టుకీ మనకీ తేడా ఏముంటుంది? అన్నదమ్ములు విడిపోయి ఒకే పేరుతో రెండు కొట్లు నడుపుతున్నప్పుడో, లడ్డు మానేసి ఇంకో వ్యాపారంలోకి దిగినప్పుడో మాత్రం పూర్తి మార్పు తప్పదు.

గీత ఎక్కడ గీయాలో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలోనే దొరుకుతుంది. రిజిస్టరైన గుర్తు అసలు రూపం పెద్దగా చెడకుండా చేసే మార్పుకు 59వ సెక్షన్ కింద అనుమతి అడగవచ్చు. అంతకు మించితే కొత్త దరఖాస్తే. అది తేలేదాకా పాత గుర్తు గడువు తీరకుండా చూసుకోవాలి. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలని చాలామంది మరిచిపోతారు.