క్యాన్సిలేషన్ ఫారం మీద సంతకం పెట్టకండి!

అన్నలారా, అక్కలారా!

ఫ్లాట్ బుక్ చేసి, నెలల తరబడి సేల్స్ ఆఫీసు చుట్టూ తిరిగి, చివరికి "మాకు ఫ్లాటూ వద్దు, ఏమీ వద్దు, మా డబ్బు మాకిస్తే చాలు" అనుకుంటున్న వాళ్ల కోసం ఈ కరపత్రం. మేమూ మీలాంటి వాళ్లమే. హైదరాబాద్ శివార్లలో ఒక వెంచర్‌లో ప్రీ లాంచ్ ఆఫర్ అని నమ్మి డబ్బు కట్టాం. డబ్బు వెనక్కి అడిగే రోజున ఒక్క కాగితం మీద పెట్టే సంతకం లక్షల రూపాయలను తారుమారు చేస్తుందని మాలో ఒక చెల్లెలి విషయంలో కళ్లారా చూశాం. ఆ సంగతే మీకు చెప్పాలి.

ఆ చెల్లెలు ప్రైవేటు స్కూల్లో టీచరు. 2023 సెప్టెంబరులో 1,450 చదరపు అడుగుల ఫ్లాట్ బుక్ చేసింది. అడుగు 5,200 రూపాయల చొప్పున మొత్తం 75 లక్షల 40 వేలు. బుకింగ్ రోజున 2 లక్షలు కట్టింది. నెల తిరక్కుండానే, ఆఫర్ రేటు దాటిపోతుందని తొందరపెడితే, భర్త పీఎఫ్ తీసి, నగలు అమ్మి ఇంకో 13 లక్షలు కట్టింది. మొత్తం 15 లక్షలు. చేతికి వచ్చినవి రెండు రసీదులు, ఒక బ్రోచరు. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ ఏదని అడిగితే "20 శాతం పూర్తయ్యాక చేస్తాం మేడమ్" అన్నారు. బ్రోచరు మీద హెచ్‌ఎండీఏ అనుమతి ఉందని పెద్ద అక్షరాల్లో ఉంది. రెరా నంబరు ఉండాల్సిన చోట మాత్రం త్వరలో వస్తుందని ఉంది. ఏడాది దాటినా ఆ నంబరు రాలేదు. అనుమతి కూడా ఇంకా దరఖాస్తు దశలోనే ఉందని అప్పుడు తెలిసింది.

డబ్బు అడగడానికి వెళ్తే, అక్కడి అబ్బాయి మర్యాదగా కుర్చీ వేసి ఒక ఫారం ముందు పెట్టాడు. పైన "బుకింగ్ రద్దు అభ్యర్థన" అని ఉంది. కారణం అన్న చోట గీత కాదు, ముందే అచ్చేసి ఉంది: వ్యక్తిగత కారణాల వల్ల. కింద చిన్న అక్షరాల్లో, ఫ్లాట్ ధరలో 10 శాతం మినహాయించుకుని, ఆ ఫ్లాట్ ఇంకొకరికి అమ్ముడుపోయాక మిగతాది ఇస్తామని ఉంది. 10 శాతం అంటే 7 లక్షల 54 వేలు. కట్టిన డబ్బులో సగానికి పైనే పోతుంది. "ఇది మామూలు ఫార్మాలిటీ మేడమ్, సంతకం పెడితే ఫైల్ ముందుకు కదులుతుంది" అన్నాడు. ఆమె పెన్ను తీసింది కూడా. పక్కనే ఉన్న ఆమె మామయ్య "ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాంలే బాబూ" అని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాట ఆమెను కాపాడింది.

ఎందుకో వినండి. మీ అంతట మీరు మనసు మార్చుకుని వదులుకోవడం వేరు, బిల్డరు మాట తప్పినందువల్ల మీరు తప్పుకోవడం వేరు. చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో కొనుగోలుదారు మార్కెట్ ధరలు పడిపోయాయని ఫ్లాట్ వద్దన్నాడు. అగ్రిమెంటులో రాసుకున్నట్టు 20 శాతం పట్టుకోవడం అన్యాయమని కోర్టు చెప్పింది గానీ, 10 శాతం పట్టుకోవడాన్ని ఒప్పుకుంది. వడ్డీ కూడా ఇప్పించలేదు. మీరు "వ్యక్తిగత కారణాలు" అని సంతకం పెట్టారంటే మీ కేసును మీ చేత్తోనే ఆ గూటిలో పెట్టినట్టు. రేపు మీరు బిల్డరు తప్పు గురించి ఎంత చెప్పినా, వాళ్లు ఆ ఫారం తీసి చూపిస్తారు.

మరి మా చెల్లెలి విషయంలో బిల్డరు తప్పేమిటి? ఒకటి కాదు, మూడు. 2016లో వచ్చిన రెరా చట్టం 3వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ చేయించాల్సిన ప్రాజెక్టుకు అది లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు గానీ ఫ్లాట్లు ఎనిమిది గానీ మించని చిన్న కట్టడాలకు ఇందులో మినహాయింపు ఉంది. 13వ సెక్షన్ ప్రకారం, రాతపూర్వక అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయించకుండా ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆమె దగ్గర 7 లక్షల 54 వేలు దాటకూడని చోట 15 లక్షలు తీసుకున్నారు. ఇక మూడోది బ్రోచరు. లేని అనుమతి ఉన్నట్టు రాశారు. ప్రకటనలో అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు ప్రాజెక్టు నుంచి తప్పుకోదలిస్తే, కట్టినదంతా వడ్డీతో, నష్టపరిహారంతో తిరిగి ఇవ్వాలని 12వ సెక్షన్ చెబుతుంది. అగ్రిమెంట్ చేతికి రాని బుకింగ్‌దారులకు పెద్ద ఆసరా ఈ సెక్షనే. అందుకే బ్రోచరును, వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనలను పారేయకండి. మా చెల్లెలి దగ్గర ఆ బ్రోచరు లేకుంటే మూడో మాట నిలబడేదే కాదు.

అగ్రిమెంట్ ఉండి, చెప్పిన గడువుకు ఫ్లాట్ ఇవ్వలేకపోతే 18వ సెక్షన్ వర్తిస్తుంది. అడిగిన వెంటనే వడ్డీతో తిరిగి ఇవ్వాల్సిందే. ఈ హక్కుకు షరతులు లేవని 2021 నవంబరులో న్యూటెక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "మీ ఫ్లాట్ ఇంకొకరికి అమ్మాక ఇస్తాం" అనే మాటకు ఈ చట్టంలో చోటు లేదు.

మా చెల్లెలు ఆ ఫారం పక్కన పెట్టి బిల్డరుకు ఉత్తరం రాసింది. అందులో వంకరమాటలు లేవు. బుకింగ్ తేదీ, ఫ్లాట్ నంబరు, కట్టిన మొత్తాలు, రసీదు నంబర్లు రాసింది. తర్వాత ఇలా రాసింది: "ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగ్ తీసుకున్నారు. అగ్రిమెంట్ చేయకుండా 10 శాతానికి మించి వసూలు చేశారు. అనుమతి ఉందని బ్రోచరులో తప్పుగా ప్రకటించారు. మీ ఈ ఉల్లంఘనల కారణంగా నేను ప్రాజెక్టు నుంచి తప్పుకుంటున్నాను. ఇది నా ఇష్టపూర్వక రద్దు కాదు. నేను కట్టిన 15 లక్షలు, కట్టిన తేదీల నుంచి వడ్డీతో సహా, 15 రోజుల్లో నా ఖాతాలో జమ చేయాలి." "ఇది నా ఇష్టపూర్వక రద్దు కాదు" అన్న వాక్యం కింద గీత గీయండి. మీ ఉత్తరంలో అది తప్పకుండా ఉండాలి. ఉత్తరం కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు, చేరినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపండి. ఈమెయిల్‌లో కూడా పంపండి. సేల్స్ ఆఫీసులో చేతికిచ్చి ఊరుకోకండి.

వడ్డీ సంగతి. తెలంగాణ నిబంధనల ప్రకారం అది ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్‌ఆర్ మీద 2 శాతం ఎక్కువ. లెక్క తేలిగ్గా ఉండటానికి 11 శాతం అనుకుందాం. 15 లక్షల మీద ఏడాదికి 1 లక్షా 65 వేలు అవుతుంది. బిల్డరు డబ్బు అందుకున్న రోజు నుంచి తిరిగి ఇచ్చే రోజు దాకా ఇది నడుస్తుంది. ఫారం దారిలో రెండేళ్ల తర్వాత ఆమె చేతికి 7 లక్షల 46 వేలు వచ్చేవి, అవి కూడా ఫ్లాట్ అమ్ముడుపోతేనే. ఉత్తరం దారిలో ఆమె అడగగలిగింది 18 లక్షల 30 వేలు. ఒక్క సంతకం తేడా ఇది!

ఉత్తరం చేరాక ఫోన్లు మొదలవుతాయి. మాకు వచ్చిన మూడు రకాల ఫోన్లు మీకూ రావచ్చు. మొదటిది, "రండి, ఇప్పుడే అగ్రిమెంట్ చేసేద్దాం" అని పిలిచి పాత తేదీ వేసిన కాగితం ఇస్తారు. పాత తేదీ మీద సంతకం పెడితే 13వ సెక్షన్ ఉల్లంఘన చేతులారా చెరిపేసుకున్నట్టే. రెండోది, "వేరే వెంచర్‌లోకి మార్చేస్తాం" అంటారు. అక్కడ రెరా నంబరు ఉందో లేదో చూడకుండా తల ఊపకండి. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది మూడోది. ఆరు నెలల తర్వాతి తేదీలతో చెక్కులు ఇచ్చి, ఒరిజినల్ రసీదులు ఇచ్చేయమంటారు, లెక్క మొత్తం తేలిపోయిందని రాసివ్వమంటారు. మాలో ఒక అన్న అలాగే ఇచ్చేశాడు. చెక్కు బ్యాంకులో వేస్తే ఖాతాలో డబ్బు లేదని వెనక్కి వచ్చింది. ఇప్పుడు అతని దగ్గర రసీదులు లేవు, జిరాక్స్ కాపీలే ఉన్నాయి. చెక్కు తీసుకున్నా సరే, సొమ్ము ఖాతాలో పడేదాకా ఒరిజినల్స్ ఇవ్వకండి. చెక్కు తిరిగొస్తే, ఆ కబురు బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. ఆ గడువు దాటితే చెక్ బౌన్స్ కేసు చేజారుతుంది.

జవాబు రాకపోతే రెరా దగ్గరకు వెళ్దాం. rera.telangana.gov.in లో ప్రాజెక్టు పేరు వెతకండి. రిజిస్టరైతే P02తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ పేజీని తేదీతో సహా ప్రింట్ తీసుకోండి, అదీ సాక్ష్యమే. కట్టిన సొమ్ము, వడ్డీ అడగడానికి 'ఎం' ఫారంలో ఫిర్యాదు చేయాలి. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మా చెల్లెలు వేసింది, విచారణ నడుస్తోంది. రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టు మీద రెరా పట్టించుకోదని కొందరు చెబుతారు, నమ్మకండి. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే రెరా ముందు మొదటి నేరం.

మీ దగ్గర దాచి ప్రయోజనం లేదు. ఆర్డరు వచ్చిన మర్నాడే డబ్బు రాదు. బిల్డరు ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించే వీలు 40వ సెక్షన్‌లో ఉంది గానీ, కలెక్టరేట్ చుట్టూ తిరగక తప్పదు. నోట్ల కట్టలుగా ఇచ్చి రసీదు తీసుకోని సొమ్ము రుజువు చేయడం చాలా కష్టం. ఫ్లాట్ అగ్రిమెంట్ కాకుండా భూమిలో అవిభాజ్య వాటా మీ పేర రిజిస్టర్ చేసి ఉంటే మీ దారి వేరు. ఆ దస్తావేజు లాయరుకు చూపించాకే అడుగు వేయండి.

ఒక్కొక్కరుగా వెళ్తే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పి పంపుతున్నారు. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కాలనీ వాటర్ ట్యాంక్ పక్కనున్న పార్కులో కలుద్దాం. రసీదులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, బ్రోచరు, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు రెండేసి కాపీలు తీసుకురండి. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. ఎవరి ఉత్తరం వాళ్లం అక్కడే కూర్చుని రాసుకుందాం, సోమవారం పొద్దున్నే అందరం కలిసి పోస్టాఫీసుకు వెళ్దాం. ఈలోపు ఎవరైనా ఆ ఫారం ముందు పెడితే "ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాం" అని మడిచి జేబులో పెట్టుకుని వచ్చేయండి. అది కూడా ఆదివారం తీసుకురండి.

ఇట్లు,
అదే వెంచర్‌లో డబ్బు కట్టిన మీ తోటి కొనుగోలుదారులు